రిటైర్మెంట్ సొమ్ము: జీవితాంతం పింఛను కొనాలా, డిపాజిట్లు మనమే చూసుకోవాలా?

పదవీ విరమణ చేసిన కొద్ది రోజులకు పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు అన్నీ ఖాతాలో పడతాయి. ముప్ఫై అయిదేళ్లు నెలజీతంతోనే నెట్టుకొచ్చిన మనిషి చేతిలో ఒక్కసారిగా యాభై, అరవై లక్షలు ఉంటాయి. ఆ వారంలోనే బ్యాంకు నుంచి ఫోనొస్తుంది: "సార్, మీ వయసువాళ్లకు మంచి యాన్యుటీ ప్లాన్ ఉంది. ఒక్కసారి కడితే బతికున్నంత కాలం పింఛను." తోటి ఉద్యోగి ఇంకో మాట చెబుతాడు: "దానికి వడ్డీ తక్కువండీ. డబ్బు మన చేతిలో ఉండాలి. పోస్టాఫీసులో వేసుకోండి."

ఇద్దరూ శాతాల గురించే మాట్లాడుతున్నారు. మీరు కూడా ఆ శాతాలే పోల్చుకుని నిర్ణయం తీసుకుంటే పొరబడతారు. ఈ రెండూ ఒకే పనికి పోటీపడే సాధనాలు కావు. డిపాజిట్ అవసరానికి డబ్బు చేతికందేలా చూస్తుంది. యాన్యుటీ మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం బతికితే ఆదుకుంటుంది. కాబట్టి "ఏది ఎక్కువిస్తుంది?" అని అడక్కండి. "ఏ కష్టం ఎప్పుడొస్తుంది? అప్పుడు నన్ను ఏది ఆదుకుంటుంది?" అని అడగండి.

రెండూ ఎలా పనిచేస్తాయి

డిపాజిట్ కౌలుకిచ్చిన పొలం లాంటిది. పొలం మీదే, కానీ కౌలు గడువు తీరినప్పుడల్లా కొత్త రేటు మాట్లాడుకోవాలి. ఆ రేటు మీ చేతిలో ఉండదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమునే చూడండి. 2015-16లో దాని వడ్డీ 9.3 శాతం. అప్పటి గరిష్ఠ పరిమితి 15 లక్షలు వేసినవారికి మూడు నెలలకోసారి 34,875 రూపాయలు వచ్చేవి. అయిదేళ్లు గడిచాయి. 2020 మధ్యలో అదే డబ్బును మళ్లీ వేద్దామని వెళ్తే వడ్డీ 7.4 శాతం. మూడు నెలలకు 27,750 రూపాయలు. ఆ అయిదేళ్లలో బియ్యం, మందులు, కరెంటు అన్నిటి ధరలూ పెరిగాయి. రాబడి మాత్రం ఏడువేలకు పైగా తగ్గింది. 2023 ఏప్రిల్లో రేటు మళ్లీ 8.2కి చేరింది, పరిమితి 30 లక్షలైంది. ఇప్పుడు బాగుంది కదా అని ఇరవై అయిదేళ్ల బతుకును ఈ రేటు మీదే కట్టుకోకూడదు.

యాన్యుటీ అంటే బీమా కంపెనీకి ఒకేసారి పెద్ద మొత్తం కట్టి, బదులుగా జీవితాంతం పింఛను తీసుకోవడం. కొన్న రోజున ఒప్పుకున్న మొత్తం మారదు. వడ్డీరేట్లు పడిపోయినా మీకొచ్చేది తగ్గదు, తొంభై అయిదేళ్లు బతికినా ఆగదు. కంపెనీకి ఇది ఎలా గిట్టుబాటవుతుంది? వేలమంది కలిసి కడతారు. వారిలో తొందరగా వెళ్లిపోయినవారి డబ్బు ఎక్కువకాలం బతికినవారికి చేరుతుంది. డిపాజిట్‌లో ఈ వెసులుబాటు లేదు. అక్కడ మీ డబ్బు అయిపోతే అయిపోయినట్టే.

"అసలు వాపసు" అన్న మాట దగ్గర ఆగండి

కౌంటరు దగ్గర ఎక్కువమంది ఎంచుకునే రకం ఒకటుంది. బతికున్నంత కాలం పింఛను, తర్వాత కట్టిన మొత్తం పిల్లలకు వాపసు. వినడానికి రెండు లాభాలు ఒకేచోట దొరికినట్టు ఉంటుంది. సంతకం పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. అరవై ఏళ్లకు కొంటే ఎంత వస్తుంది, డెబ్భై ఏళ్లకు కొంటే ఎంత వస్తుంది అని రెండు కొటేషన్లు అడగండి.

అసలు వాపసు వచ్చే రకంలో ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే. సుమారు ఆరున్నర శాతం చుట్టూ తిరుగుతాయి. అసలు తిరిగిరాని రకంలో అరవైకి ఎనిమిది శాతం పైచిలుకు, డెబ్భైకి పది శాతం చుట్టుపక్కల కనిపిస్తుంది. కంపెనీని బట్టి, రోజును బట్టి ఈ అంకెలు మారతాయి. వాటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది.

ఎందుకంటే అసలు వాపసు ఇవ్వాలంటే కంపెనీ మీ డబ్బును ముట్టుకోకూడదు. దానిమీద వచ్చే వడ్డీలోంచే మీకు కొంత ఇస్తుంది. తొందరగా వెళ్లిపోయినవారి సొమ్ము కూడా వాళ్ల వారసులకే పోతుంది. పంచుకోవడానికి ఏమీ మిగలదు. అంటే మీరు కొన్నది యాన్యుటీ పేరున్న, గడువు లేని డిపాజిట్. దానివల్ల రేటు జీవితాంతం స్థిరంగా ఉంటుంది, నిజమే. కానీ ఎక్కువకాలం బతికినందుకు దక్కాల్సిన అదనపు రాబడిని మీరు వదులుకున్నారు. పిల్లలకు అసలు మిగల్చడానికి నెలనెలా మీ కంచంలోంచే కోత పెట్టుకుంటున్నారు. తెలిసి ఆ పని చేస్తే తప్పులేదు. తెలియక చేయకండి.

అసలు పోతుందన్న భయం సహజం. "కట్టిన ఆరు నెలలకే నేను పోతే?" అని ప్రతివారూ అడుగుతారు. దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి జాయింట్ లైఫ్: మీ తర్వాత మీ జీవిత భాగస్వామికి నూరు శాతం పింఛను కొనసాగుతుంది. రెండోది హామీ కాలం: పదేళ్లో పదిహేనేళ్లో ఎవరున్నా లేకపోయినా చెల్లింపు ఆగదు. ఈ రెండింటికీ రేటు కొంత తగ్గుతుంది, అసలు వాపసుకు తగ్గినంత మాత్రం కాదు.

ఒక దంపతుల లెక్క

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రాజమహేంద్రవరంలో ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన. ఆయనకు అరవై, భార్యకు యాభై ఆరు. సొంతిల్లు ఉంది. అన్నీ కలిపి చేతికొచ్చింది 60 లక్షలు. ఈపీఎఫ్ నుంచి నెలకు 5,000 పింఛను. ప్రైవేటు ఉద్యోగులకు ఈ పింఛను ఇంతకుమించి పెద్దగా ఉండదు, ఎందుకంటే లెక్కకు తీసుకునే జీతానికి 15,000 అనే పరిమితి చాలాకాలంగా ఉంది. ఇంటి ఖర్చు నెలకు 30,000. ఏటా అయిదు శాతం పెరుగుతుందనుకుందాం.

మొదట మొత్తం 60 లక్షలూ అసలు వాపసు యాన్యుటీలో పెట్టారనుకోండి. ఆరున్నర శాతానికి నెలకు 32,500 వస్తుంది. ఈపీఎఫ్‌తో కలిపి 37,500. మొదటి ఏడాది ఏడున్నరవేలు మిగులుతుంది, ఇల్లంతా సంతోషం. అయిదో ఏడు గడిచేసరికి ఖర్చు ఆదాయాన్ని దాటుతుంది. డెబ్భై ఏళ్లకు నెల ఖర్చు దాదాపు 49,000. రాబడి అదే 37,500. అరవై లక్షలు కంపెనీ దగ్గర భద్రంగానే ఉన్నాయి, కానీ ఆయన అవసరానికి అక్కరకు రావు. ఈ రకంలో షరతులతో సరెండర్ చేసే వీలుంటుంది. అలా తీసుకోవాల్సి వస్తే మొదట్లో కొన్నందుకు ప్రయోజనమే లేదు.

ఇప్పుడు మొత్తం డిపాజిట్లలో పెట్టారనుకోండి. సీనియర్ సిటిజన్స్ స్కీములో 30 లక్షలు, 8.2 శాతానికి మూడు నెలలకు 61,500. అంటే నెలకు 20,500. మిగతా 30 లక్షలు బ్యాంకుల్లో ఆరున్నర శాతానికి వేస్తే నెలకు 16,250. ఈపీఎఫ్‌తో కలిపి 41,750. యాన్యుటీ కన్నా నాలుగువేలకు పైగా ఎక్కువ, పైగా డబ్బు చేతిలో ఉంది. మొదటి రోజున చూస్తే డిపాజిట్‌దే గెలుపు. నిజానికి చాలా ఏళ్లపాటు గెలుపు దానిదే.

దీర్ఘకాలంలో రేట్లు ఎక్కుతూ దిగుతూ సగటున ఏడు శాతం వస్తుందనీ, మిగిలిన వడ్డీని ఆయన ఖర్చుపెట్టకుండా మళ్లీ డిపాజిట్ చేస్తారనీ అనుకుని లెక్కేద్దాం. డెబ్భై ఏళ్ల నాటికి ఆయన దగ్గర సుమారు 62 లక్షలుంటాయి. పదేళ్లు హాయిగా బతికినా అసలు చెక్కుచెదరలేదు. ఇక్కడే మనిషి మోసపోతాడు. "నా లెక్క సరిగ్గానే ఉంది" అని ధీమా పడతాడు. డెబ్భై అయిదుకు అది 51 లక్షలవుతుంది. ఎనభైకి 24 లక్షలు. ఆపై మూడేళ్లు తిరక్కుండానే సున్నా. అప్పటికి ఆయనకు ఎనభై మూడు, భార్యకు డెబ్భై తొమ్మిది. ఆయన ముందే వెళ్లిపోయి ఉంటే ఈపీఎఫ్ నుంచి ఆమెకు వచ్చేది సగం పింఛను, నెలకు 2,500.

సగటు వడ్డీ ఏడు కాక ఆరే అయితే డబ్బు ఇంకో రెండేళ్ల ముందే అయిపోతుంది.

ఈ లెక్కలో దుబారా లేదు, పెద్ద జబ్బు లేదు, పిల్లల అవసరం లేదు. అంతా సవ్యంగా జరిగితేనే ఇది. డిపాజిట్ దారిలో ప్రమాదం మొదటి పదేళ్లలో కనిపించదు. కనిపించేసరికి సరిదిద్దుకునే వయసు ఉండదు.

అరవైలో డిపాజిట్, డెబ్భైలో యాన్యుటీ

మరి ఏం చేయాలి? నా మాట సూటిగా చెబుతాను. అరవై ఏళ్లకు యాన్యుటీ కొనకండి. డెబ్భై దగ్గర పడ్డాక కొనండి. కొన్నప్పుడు అసలు తిరిగిరాని జాయింట్ లైఫ్ రకం కొనండి. అదీ మొత్తంతో కాదు, సుమారు సగంతో.

అరవైలో ఎందుకు వద్దంటే, ఆ వయసులో పింఛను రేటు తక్కువ, దాన్ని ధరల పెరుగుదల తినేయడానికి ముందున్న ఏళ్లు ఎక్కువ. పైగా కూతురి కాన్పు, ఇంటి మరమ్మతు, ఊహించని ఆపరేషను లాంటి పెద్ద ఖర్చులు ఈ పదేళ్లలోనే ఎక్కువగా వస్తాయి. డబ్బు చేతికందేలా ఉండాల్సిన కాలమిది.

డెబ్భైలో ఎందుకంటే, వయసుతోపాటు పింఛను రేటు పెరుగుతుంది. మీ ఆరోగ్యం ఎలా ఉందో అప్పటికి స్పష్టంగా తెలుస్తుంది. గుండె, కిడ్నీ సమస్యలతో ఆయుష్షు తగ్గే సూచనలుంటే కొనడం మానుకోవచ్చు. ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో అమ్మమ్మలు తాతయ్యలు తొంభై దాకా బతికిన వంశమైతే తప్పకుండా కొనాలి.

మన దంపతులకే వేసి చూద్దాం. డెబ్భై ఏళ్లకు ఉన్న 62 లక్షల్లో 30 లక్షలు పెట్టి ఇద్దరి పేర్లమీద యాన్యుటీ కొన్నారు. ఎనిమిదిన్నర శాతం దొరికిందనుకుంటే నెలకు 21,250. మిగతా 32 లక్షలు డిపాజిట్లలో ఉన్నాయి, కావలసిన తేడాను వాటిలోంచి తీసుకుంటారు. ఆ డిపాజిట్లు ఆయనకు ఎనభై దాటగానే అయిపోతాయి. యాన్యుటీ కొనకుండా ఉంటే ఎనభై మూడు దాకా వచ్చేవి. అంటే రెండేళ్లకు పైగా ముందే ఖాళీ. దీన్ని దాచకూడదు.

కానీ ఖాళీ అయ్యాక ఏం మిగిలిందో చూడండి. మొదటి దారిలో ఆమె చేతికి నెలకు 2,500. ఈ దారిలో 23,750. అప్పటి ధరలకు అది హాయిగా బతికే మొత్తం కాదు, అయినా బియ్యానికి, మందులకు, కరెంటు బిల్లుకు ఎవరినీ చెయ్యి చాచి అడగాల్సిన పనిలేదు. ఆమె తొంభై అయిదు దాకా బతికినా అది వస్తూనే ఉంటుంది. యాన్యుటీ డబ్బును పుట్టించదు. మొదటి ఇరవై ఏళ్ల సౌకర్యంలో కొంత తీసి చివరి పదేళ్ల గౌరవానికి కడుతుంది. నా దృష్టిలో అది మంచి బేరం.

ఒకే రోజు మొత్తం కొనాల్సిన అవసరమూ లేదు. అరవై ఎనిమిదికి పది లక్షలు, డెబ్భైకి పది, డెబ్భై రెండుకు పది. ఇలా మూడు విడతలుగా కొంటే ఏదో ఒక్క రోజున రేటు తక్కువగా ఉందన్న బాధ ఉండదు. సీనియర్ సిటిజన్స్ స్కీముకు కూడా ఇది కలిసొస్తుంది. అరవైకి తెరిచిన ఖాతా అయిదేళ్లకు గడువు తీరుతుంది, మూడేళ్లు పొడిగిస్తే అరవై ఎనిమిది. పొడిగించిన కాలంలో ఏడాది దాటితే కోత లేకుండా మూసుకోవచ్చు.

అరవై నుంచి డెబ్భై దాకా డిపాజిట్ల క్రమం

మనమే చూసుకోవడం అంటే ఎక్కడ వడ్డీ ఎక్కువుంటే అక్కడికి పరిగెత్తడం కాదు. ఒక క్రమం ఉండాలి.

ముందుగా సీనియర్ సిటిజన్స్ స్కీము నింపండి. ప్రతి మూడు నెలలకూ ప్రభుత్వం రేటు ప్రకటించినా, మీరు వేసిన రోజు రేటే అయిదేళ్లు మీకు ఖాయం. యాభై అయిదు దాటి అరవైలోపే రిటైరైనవారు కూడా చేరవచ్చు, కానీ ఆ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోగా వేయాలి. భార్యకు అరవై నిండగానే ఆమె పేరున విడిగా ఇంకో 30 లక్షల దాకా వీలుంటుంది. మన ఉదాహరణలో అది నాలుగేళ్ల తర్వాత వచ్చే అవకాశం. ఆ తేదీ ఇప్పుడే డైరీలో రాసుకోవాలి. మధ్యలో తీయాల్సి వస్తే ఏడాదిలోపు అయితే వడ్డీ రాదు, ఏడాది దాటితే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటితే ఒక శాతం కోత పడుతుంది. అందుకే అత్యవసర నిధిని ఇందులో పెట్టకూడదు.

తర్వాత అయిదు లక్షలు ఎప్పుడైనా తీసుకునేలా పొదుపు ఖాతాకు జతచేసిన డిపాజిట్‌లో ఉంచండి. ఆస్పత్రికి అడ్వాన్సు కట్టాల్సివస్తే ఇదే దిక్కు.

మిగిలిన పాతిక లక్షలను అయిదు ముక్కలు చేయండి. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, అలా అయిదేళ్ల దాకా వేయండి. ఏటా ఒకటి గడువు తీరుతుంది. దాన్ని మళ్లీ అయిదేళ్లకు వేయండి. ఇలా చేస్తే రేట్లు పడిపోయిన ఏడాదిలో మొత్తం డబ్బు ఒకేసారి ఆ రేటుకు చిక్కదు. 2015లో వేసి 2020లో తీసుకున్నవారికి తగిలిన దెబ్బ మీకు అయిదో వంతే తగులుతుంది.

బ్యాంకు ఎంపికలో ఒక్క అంకె గుర్తుంచుకోండి: అయిదు లక్షలు. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా కింద ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి వచ్చే గరిష్ఠ మొత్తం అంతే. 2020 ఫిబ్రవరి నుంచి ఈ పరిమితి ఉంది. అదే బ్యాంకులో నాలుగు శాఖల్లో వేసినా కలిపే లెక్కిస్తారు. సహకార బ్యాంకో చిన్న బ్యాంకో ఒక శాతం ఎక్కువిస్తానంటే ఆ పరిమితికి లోపలే వేయండి. బ్యాంకే కాని సంస్థ పన్నెండు, పదిహేను శాతం ఇస్తానంటే గుమ్మంలోనే వద్దని చెప్పండి. అగ్రిగోల్డ్‌లో కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన లక్షలాది కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. వారిలో చాలామంది తెలిసిన ఏజెంటు మాట నమ్మి కట్టినవారే.

ఇక పన్ను. యాన్యుటీ పింఛనుకూ డిపాజిట్ వడ్డీకీ రెండింటికీ పన్ను లెక్క ఉంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి, మన ఉదాహరణ లాంటి కుటుంబాలకు ఈ ఎంపికలో పన్ను తేడా తేదు.

వడ్డీరేటు కన్నా పెద్ద ప్రమాదం

డిపాజిట్లు మనమే చూసుకుంటాం అనే మాటలో "మనం" ఎవరు? అరవై ఏళ్ల మీరు నిర్ణయం తీసుకుంటున్నారు. దాన్ని అమలు చేయాల్సింది ఎనభై ఏళ్ల మీరు, లేదా మీరు లేని ఇంట్లో మీ భార్య.

ఒక బ్యాంకు కౌంటరు దగ్గర కాసేపు నిలబడి చూడండి. భర్త పోయిన నెలకు ఒకావిడ పాత బిస్కట్ల డబ్బాలో రసీదులు వేసుకుని వస్తుంది. ఏ డిపాజిట్ ఎప్పుడు గడువు తీరుతుందో తెలియదు. రెండింటికి నామినీ లేదు. ఒకటి ఏడాది కిందటే గడువు తీరి, తక్కువ రేటుకు దానంతటదే రెన్యూ అయింది. విత్‌డ్రాయల్ ఫారం ఆమె ఎప్పుడూ నింపలేదు. "అన్నీ ఆయనే చూసుకునేవారు బాబూ" అంటుంది. వడ్డీ శాతం దగ్గర జాగ్రత్తపడిన ఆ పెద్దాయన ఈ ఒక్క విషయం ఆలోచించలేదు. యాన్యుటీ ఉన్న ఇంట్లో ఇబ్బంది తక్కువ. ఏడాదికోసారి బతికున్నట్టు ధ్రువపత్రం ఇస్తే చాలు, డబ్బు ఖాతాలో పడుతూనే ఉంటుంది.

రెండో ప్రమాదం ప్రేమ. "నాన్నా, హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి పదిహేను లక్షలు తక్కువైంది. రెండేళ్లలో తిరిగిచ్చేస్తా" అని కొడుకు అడిగితే కాదనే తండ్రి మన ఇళ్లలో అరుదు. కొడుకు మంచివాడే, ఇచ్చేద్దామనే అడుగుతాడు. ఈఎంఐలు మొదలయ్యాక ఇవ్వలేకపోతాడు. తండ్రి అడగలేకపోతాడు. పిల్లలకు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. కానీ ఎంత ఇవ్వగలరో రిటైరైన నెలలోనే తేల్చుకుని, ఆ మొత్తాన్ని పక్కనపెట్టి, మిగతాది మీ ఇద్దరి బతుకుదెరువు అని ఇంట్లో అందరి ముందూ చెప్పండి. అసలు తిరిగిరాని యాన్యుటీని విరగ్గొట్టి ఎవరికీ ఇవ్వలేరు. కొందరు దాన్ని లోపమంటారు. కాదనలేని మనసున్నవారికి అది రక్షణ.

మూడో ప్రమాదం ఫోన్లో వస్తుంది. పోలీసులమనీ, సీబీఐ అనీ బెదిరించి వృద్ధుల డిపాజిట్లు ఖాళీ చేయించే ముఠాలు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నాయి. ఒక్క సాయంత్రంలో డిపాజిట్లన్నీ మూయించి బదిలీ చేయించగలరు. నెలనెలా వచ్చే పింఛనులో మాత్రం ఆ నెల మొత్తానికి మించి ఎవరూ తీయించలేరు.

ఎవరికి ఏది సరిపోతుంది

2004 సెప్టెంబరు 1కి ముందు ప్రభుత్వ ఉద్యోగంలో చేరి పాత పింఛను తీసుకుంటున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులు యాన్యుటీ కొనాల్సిన పనే లేదు. ధరలతోపాటు పెరిగే పింఛను, తర్వాత కుటుంబ పింఛను వారికి ఇప్పటికే ఉన్నాయి. అంతకన్నా మంచి యాన్యుటీ బజారులో దొరకదు. వారి గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బు డిపాజిట్లలోనే ఉండాలి.

నెలకు మూడు నాలుగు వేల ఈపీఎఫ్ పింఛను తప్ప మరేమీ లేని ప్రైవేటు ఉద్యోగులకు డెబ్భైలో యాన్యుటీ దాదాపు తప్పనిసరి. పిల్లలు విదేశాల్లో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉండే దంపతులకు, పెళ్లిచేసుకోని స్త్రీలకు, భర్త లేని ఆడవారికి ఇది మరీ అవసరం.

చేతికొచ్చింది పదిహేను లక్షల లోపే అయితే యాన్యుటీ జోలికి వెళ్లకండి. దానివల్ల వచ్చే పింఛను బతుకుకు చాలదు, ఉన్న డబ్బు మాత్రం చిక్కుకుపోతుంది. మొత్తం అందుబాటులోనే ఉంచుకోండి.

ఎన్పీఎస్‌లో ఉన్నవారికి కొంత భాగం యాన్యుటీ నిబంధన ప్రకారమే కొనాలి. ఆ భాగాన్ని వారు అసలు తిరిగిరాని జాయింట్ రకంలోకి మళ్లిస్తే చాలు. మిగతా సొమ్మును డిపాజిట్లలో ఉంచుకోవచ్చు.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలు అడగండి

యాన్యుటీ కొనే రోజున ఏజెంటును మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఒకేసారి కట్టేదేనా, లేక ఏటా కట్టాలా? ఏటా అంటే అది మీరు అడిగినది కాదు, పింఛను పేరుతో వేరే పాలసీ అంటగడుతున్నారు. పింఛను వచ్చే నెల నుంచేనా, కొన్నేళ్ల తర్వాతా? నా తర్వాత నా భార్యకు నూరు శాతమా, సగమా? జవాబులు కాగితం మీద రాయించుకోండి. కనీసం మూడు కంపెనీల కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే వయసుకు, ఒకే రకానికి తేడా కనిపిస్తుంది. ఆ తేడా బతికున్నంత కాలం మీతో ఉంటుంది. పాలసీ చేతికొచ్చాక చెప్పినది ఒకటి, రాసినది మరొకటి అయితే 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేసే హక్కు మీకుంది. ఎన్పీఎస్ డబ్బుతో కొన్నవాటికి కూడా ఈ వీలు వర్తిస్తుంది.

డిపాజిట్లు వేసే రోజున మీ భార్యను వెంట తీసుకెళ్లండి. ప్రతి రసీదు మీద ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పేర్లు, కింద నామినీ ఉన్నాయో లేదో ఆమెనే చదవమనండి. ఒక నోటుపుస్తకంలో బ్యాంకు, మొత్తం, గడువు తేదీ ఆమె చేతే రాయించండి. వచ్చే ఏడాది గడువు తీరే మొదటి డిపాజిట్‌ను ఆమెనే రెన్యూ చేయమనండి. మీరు పక్కన నిలబడండి చాలు.

రిటైర్మెంట్ సొమ్ము ఒక్కసారే వస్తుంది. అది వచ్చిన మొదటి మూడు నెలలు ఎవరి మాటకూ తొందరపడకండి. అంతవరకు పొదుపు ఖాతాలో తక్కువ వడ్డీకి పడి ఉన్నా నష్టం కొన్ని వేలే. తొందరలో పెట్టిన ఒక్క సంతకం ఖరీదు మీ ఆఖరి పదేళ్లు. అరవైలో డబ్బు మీ చేతిలో ఉంచుకోండి, డెబ్భైలో అందులో సగంతో జీవితాంతం ఆగని ఆదాయం కొనుక్కోండి, ఆ రెండు కాగితాలూ చదవగలిగేలా మీ జీవిత భాగస్వామిని ఈ వారమే సిద్ధం చేయండి.